పొడుగాటి పాడ్‌కాస్ట్ ట్రాన్‌స్క్రిప్ట్ నుంచి షో నోట్స్, చాప్టర్లు, టైమ్ లింకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాడ్‌కాస్టులు చేసేవాళ్లకి షో నోట్స్ రాసిపెడుతుంటాను. అవే అనుమానాలు వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఉదాహరణలన్నీ ఒకే ఎపిసోడ్ మీద నడుస్తాయి: గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తోలే ఒక రైతుతో దాదాపు రెండు గంటల సంభాషణ.

## ట్రాన్‌స్క్రిప్ట్ చేతికొచ్చాక

ట్రాన్‌స్క్రిప్ట్ ఎడిటింగ్‌కి ముందు తీయించాలా, తర్వాతా?

తర్వాతే. శ్రోత వినేది ఏ ఫైలో, టైములు ఆ ఫైలువే కావాలి. ఎడిటింగ్‌లో ముందు మ్యూజిక్ చేరుతుంది, మధ్యలో దగ్గులు, ఫోన్లు, కరెంటు పోయిన నిమిషాలు ఎగిరిపోతాయి. ఎడిటింగ్‌కి ముందు తీసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో టైములు ఆ రికార్డింగ్‌కి సరిపోతాయి తప్ప మీరు ఎక్కించిన ఎపిసోడ్‌కి సరిపోవు.

ఏ ముక్కలు కొయ్యాలో చూసుకోవడానికి కొందరు హోస్టులు ముందే ట్రాన్‌స్క్రిప్ట్ తీయించుకుంటారు. అందులో తప్పేం లేదు. కానీ ఎడిటింగ్ ముగిశాక ఫైనల్ ఫైలు మీద ఇంకోసారి తీయించండి. ఉన్నదాన్ని లెక్కలు కట్టి సవరించడం కంటే ఇది త్వరగా తెమిలే పని. ఫైలు పేర్లలో "రా", "ఫైనల్" అని తప్పకుండా రాసుకోండి. నా దగ్గరికి వచ్చే గందరగోళంలో పెద్ద వాటా ఒకే పేరున్న రెండు ట్రాన్‌స్క్రిప్టుల వల్లే.

ఆటోమేటిక్ ట్రాన్‌స్క్రిప్ట్ నిండా తప్పులే. మొత్తం దిద్దాలా?

షో నోట్స్ వరకే అయితే అక్కర్లేదు. నాలుగు రకాల తప్పులు దిద్దితే చాలు: మనుషుల, ఊళ్ల పేర్లు, అంకెలు, ఆ వృత్తిలో వాడే మాటలు, "కాదు", "లేదు" లాంటి మాటలు ఎగిరిపోయిన చోట్లు. చివరిదే ప్రమాదం. "కోల్డ్ స్టోరేజీలో పెట్టి లాభపడింది లేదు" అన్న వాక్యంలో ఆ చివరి మాట జారిపోతే షో నోట్స్‌లో రైతు అన్నదానికి సరిగ్గా తిరగబడ్డ అర్థం అచ్చవుతుంది.

వృత్తి మాటల తప్పులు పట్టడం తేలిక, ఎందుకంటే ఒక తప్పు ఎపిసోడంతా అదే రూపంలో వస్తుంది. మిర్చి ఎపిసోడ్‌లో "తాలు కాయ" ప్రతిచోటా "చాలు కాయ" అయింది. "తేజ" అన్న మిరప రకం ఎవరో తేజగారు అయి కూర్చుంది. "టిక్కీ" అంటే అక్కడ మిర్చి బస్తా, అదేమో "టికెట్" అయింది. ఒకసారి వెతికి అన్నీ ఒకేసారి మార్చేయొచ్చు. ఆ మాటలు మీకు కొత్తయితే అతిథికే ఫోన్ చేసి అడగండి, విసుక్కునేవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

రెండు గంటల ట్రాన్‌స్క్రిప్ట్ ఎక్కణ్ణుంచి చదవాలి?

మొదటిసారి హోస్టు మాటలు మాత్రమే చదవండి. ఇంటర్వ్యూలో మలుపులు తిప్పేది దాదాపుగా హోస్టే కాబట్టి ఎపిసోడ్ అస్థిపంజరం అరగంటలోపే కనిపిస్తుంది. రెండోసారి అతిథి జవాబులు చదవండి.

ఎవరు మాట్లాడుతున్నారో ట్రాన్‌స్క్రిప్ట్‌లో రాసి లేకపోతే మలుపు మాటల్ని వెతకండి. మనవాళ్లు విషయం మార్చేముందు "సరే", "అది పక్కన పెడితే", "ఇంకో సంగతి", "ఇందాక మీరన్నారు కదా" లాంటివి అనకుండా మార్చరు. మీ హోస్టుకి ఏది అలవాటో రెండు ఎపిసోడ్లు చూస్తే తెలిసిపోతుంది. నేను పనిచేసే ఒక హోస్టు అయితే "మంచిదండీ" అన్న ప్రతిసారీ కొత్త చాప్టరే.

## చాప్టరు ఎక్కడ మొదలవుతుంది

రెండు గంటల ఎపిసోడ్‌కి ఎన్ని చాప్టర్లు పెట్టాలి?

ఎనిమిది నుంచి పన్నెండు. ఇది నియమం కాదు, నా అభిప్రాయం. ఇరవై ఐదు పెడితే ఫోన్‌లో పట్టీ అంతా ముక్కలైపోయి వేలితో పట్టుకోవడం కష్టం. నాలుగే పెడితే ఒక్కో చాప్టరు అరగంట నడుస్తుంది, దాని పేరుకి అర్థం ఉండదు.

విషయం మొదటిసారి వచ్చిన చోట టైమ్ పెట్టాలా, అసలు చర్చ మొదలైన చోటా?

అసలు చర్చ మొదలైన చోట. ట్రాన్‌స్క్రిప్ట్‌లో మాటను వెతికి మొదట దొరికిన టైమ్ రాసేయడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. మిర్చి ఎపిసోడ్‌లో "కోల్డ్ స్టోరేజీ" అన్న మాట 11వ నిమిషంలోనే వస్తుంది, కూలీల సంగతి చెబుతూ మాటవరసకి అన్నది. "ఇప్పుడు రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెడతారు కదా, ఎన్నాళ్లు పెడతారు, ఎప్పుడు తీస్తారు?" అని హోస్టు అడిగేది 54:11 దగ్గర. కోల్డ్ స్టోరేజీ కోసం వచ్చిన శ్రోతను 11వ నిమిషంలో దింపితే పది సెకన్లు విని వెళ్లిపోతాడు.

కాబట్టి చాప్టరు హోస్టు ప్రశ్నతో మొదలవ్వాలి, అతిథి జవాబుతో కాదు. ప్రశ్న వినకుండా జవాబు వింటే "అవునండీ, అదే మా బాధ" అన్న మొదటి వాక్యానికి అర్థం ఉండదు. మన హోస్టుల్లో కొందరు ప్రశ్నకి ముందు ఒక నిమిషం ఉపోద్ఘాతం చెబుతారు. అది లేకుండా ప్రశ్న అర్థమైతే ఉపోద్ఘాతం వదిలేసి ప్రశ్న దగ్గరే పెట్టండి. అర్థం కాకపోతే ఉపోద్ఘాతం మొదట్లో పెట్టండి. అతిథే తనంతట తాను మాట మళ్లిస్తే, మళ్లించిన ఆ వాక్యం మొదలే చాప్టరు మొదలు.

మాట దారి తప్పి ఎటో పోయి మళ్లీ వెనక్కొస్తే?

రెండు మూడు నిమిషాల్లో వెనక్కొస్తే పట్టించుకోకండి, అదే చాప్టరులో ఉండనివ్వండి. పది నిమిషాలు పోతే దానికి వేరే చాప్టరు పెట్టండి, తిరిగొచ్చిన చోట ఇంకోటి పెట్టండి. తిరిగొచ్చిన చాప్టరుకి "కోల్డ్ స్టోరేజీ (మళ్లీ)" అని కాకుండా అక్కడ కొత్తగా ఏం మాట్లాడారో అదే పేరు పెట్టండి.

## టైమ్ సరిచూడటం

ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్న టైమే పెట్టేస్తే ఏమవుతుంది?

కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో టైమ్ ఉండేది సబ్‌టైటిల్ ముక్కకి, వాక్యానికి కాదు. ఒక్కో ముక్కలో ఐదారు సెకన్ల మాటలుంటాయి, అందులో పోయిన జవాబు తోకా కొత్త ప్రశ్న తలా కలిసే ఉండొచ్చు. మిర్చి ఎపిసోడ్‌లో ఒక ముక్క ఇలా ఉంది:

```
412
00:22:26,300 --> 00:22:33,150
అంతే కదండీ ఇక.
సరే, ఈ తాలు కాయ ఎందుకొస్తుంది?
```

ట్రాన్‌స్క్రిప్ట్‌ని నమ్మితే చాప్టరు 22:26 దగ్గర పెట్టాలి. అక్కడ వినిపించేది అంతకుముందు కూలీ లెక్క ముగింపు, ఆ తర్వాత హోస్టు నవ్వు. "సరే" అన్న మాట మొదలయ్యేది 22:29.6 దగ్గర. ఇది చదివితే తెలియదు, వినాల్సిందే. ముక్క టైముకి ఐదు సెకన్ల ముందు నుంచి ప్లే చేసి, ప్రశ్న మొదటి అక్షరం ఎక్కడ పడిందో చూడండి.

అడాసిటీ వాడేవాళ్లకి దీనికి సులువైన పద్ధతి ఉంది. ప్లే అవుతుండగా `Ctrl+M` నొక్కితే ఆ క్షణం దగ్గర లేబుల్ పడుతుంది. వేవ్‌ఫార్మ్‌లో మాటకు ముందున్న చిన్న ఖాళీ దాకా లేబుల్‌ని జరపండి. అన్నీ అయ్యాక లేబుళ్లని టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి పేరు పక్కన సెకన్లు వచ్చేస్తాయి.

22:29.6ని 22:30 అని పైకి సవరించకండి, 22:29 అనే రాయండి. దశాంశాన్ని ఎప్పుడూ కిందికే వదిలేయాలి. అర సెకను ముందు తెరుచుకుంటే ఎవరూ గమనించరు, అర సెకను ఆలస్యమైతే మొదటి మాట తెగిపోతుంది.

నా దగ్గరున్నది ఎడిట్ కాని రికార్డింగ్ ట్రాన్‌స్క్రిప్ట్ మాత్రమే. టైములు మార్చుకోవడం ఎలా?

ఎడిటర్‌ని మూడే మూడు అడగండి: ముందు ఎంత కోశారు, ముందు ఎంత చేర్చారు, మధ్యలో ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కోశారు. ఆ జవాబులతో లెక్క కట్టొచ్చు.

మిర్చి ఎపిసోడ్ రికార్డింగ్ 2:06:40 ఉంది. మొదటి 3 నిమిషాల 10 సెకన్లు మైకు సరిచేసుకోవడం, టీ తాగడం, అది తీసేశారు. దాని స్థానంలో 48 సెకన్ల పరిచయం చేర్చారు. అంటే మొదట్లో ప్రతి టైములోంచి 2:22 తీసేయాలి. 41:20 నుంచి 47:05 దాకా కరెంటు పోయి జనరేటర్ మోత, అది మొత్తం కోశారు. ఇంకో 5:45 తగ్గింది కాబట్టి అక్కణ్ణుంచి తీసేయాల్సింది 8:07. మళ్లీ 1:28:30 నుంచి 1:30:00 దాకా అతిథికి ఫోనొచ్చింది, ఆ నిమిషంన్నర కూడా పోయింది. ఆ తర్వాత తీసేయాల్సింది 9:37.

ఇప్పుడు రికార్డింగ్‌లో 24:51 దగ్గరున్న తాలు ప్రశ్న మొదటి భాగంలో పడుతుంది: 24:51 లోంచి 2:22 తీస్తే 22:29. కోల్డ్ స్టోరేజీ ప్రశ్న రికార్డింగ్‌లో 1:02:18, అది మొదటి కోతకి తర్వాత కాబట్టి 8:07 తీస్తే 54:11. కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు సంగతి 1:41:05, రెండు కోతలకీ తర్వాత, 9:37 తీస్తే 1:31:28. చివరి సరిచూపుగా మొత్తం నిడివి కట్టండి: 2:06:40 లోంచి 9:37 తీస్తే 1:57:03. ఎక్కించిన ఫైలు నిడివి అంతే చూపిస్తే మీకు చెప్పని కోత ఏదీ లేదని చాలావరకు నమ్మొచ్చు. తేడా ఉంటే ఎడిటర్ మర్చిపోయిన కోత ఒకటుంది.

చిన్న చిన్న "అఁ", "అంటే"లు పదుల సంఖ్యలో తీసేసిన ఎడిట్ అయితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ఫైనల్ ఫైలు నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తీయించడం తప్ప దారి లేదు.

కొన్ని లింకులు సరిగ్గా తెరుచుకుంటున్నాయి, కొన్ని తేడా వస్తున్నాయి. కారణం ఎలా పట్టుకోవాలి?

మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి, మూడు లింకులు తెరిచి తేడా ఎంతో కాగితం మీద రాయండి. తేడా నడిచే తీరే కారణం చెబుతుంది.

మూడు చోట్లా ఒకే తేడా ఉంటే ముందు ఏదో చేరింది లేదా పోయింది, సాధారణంగా పరిచయం మ్యూజిక్. చేరి ఉంటే అన్నిటికీ అదే అంకె కలపండి, పోయి ఉంటే తీసేయండి. ఒక చోటిదాకా సరిగ్గా ఉండి అక్కణ్ణుంచి ఒక్కసారిగా మారి, ఆ తర్వాత మళ్లీ స్థిరంగా ఉంటే మధ్యలో కోత ఉంది. సరిగ్గా ఉన్న చివరి చాప్టరుకీ, తప్పిన మొదటి చాప్టరుకీ మధ్య వినండి, అతుకు దొరుకుతుంది.

మూడోది కాస్త వింతగా ఉంటుంది. తేడా మొదట్లో దాదాపు సున్నా, గంట దగ్గర మూడు నాలుగు సెకన్లు, చివర్లో ఏడు. ఇలా నెమ్మదిగా పెరుగుతుంటే కొలబద్దే తేడా. వీడియో ఎడిటర్‌లో టైమ్‌లైన్ సెకనుకి 29.97 ఫ్రేములు ఉండి, టైమ్‌కోడ్ మాత్రం 30 చొప్పున లెక్కపెడుతుంటే గంటకి 3.6 సెకన్లు జారుతుంది. టైమ్‌కోడ్‌లో 1:00:00 అని ఉన్న చోటికి నిజంగా గడిచింది 1:00:03.6. అందుకే వీడియో ఎడిటర్ తెర మీద కనిపించే టైమ్‌కోడ్‌ని చాప్టరు టైముగా ఎత్తి రాయకండి, బయటికి తీసిన ఫైలుని మామూలు ప్లేయర్‌లో పెట్టి టైమ్ చూడండి.

ఒకే టైమ్ యూట్యూబ్‌లో సరిగ్గా ఉంది, ఆడియో యాప్‌లో తప్పుతోంది. ఎందుకు?

ముందు రెండు ఫైళ్ల నిడివి పోల్చండి. ఆడియోకి వేరే పరిచయం, వేరే స్పాన్సర్ ముక్క ఉంటే అవి రెండు వేర్వేరు ఎపిసోడ్లు, రెండు జాబితాలు రాయాల్సిందే. హోస్టింగ్ సంస్థ ప్రకటనల్ని అప్పటికప్పుడు చొప్పించే పద్ధతి పెట్టుకుని ఉంటే ఇంకా ఇబ్బంది: ఒకరికి ముప్పై సెకన్ల ప్రకటన, ఇంకొకరికి నిమిషం, మూడో వ్యక్తికి అసలు ఉండదు. డిస్క్రిప్షన్‌లో మీరు చేత్తో రాసిన టైమ్ అందరికీ కుదరడం అసాధ్యం. అలాంటప్పుడు ఖచ్చితమైన లింకులు యూట్యూబ్‌కి ఇచ్చి, ఆడియో దగ్గర చాప్టర్ల పేర్లు మాత్రం వరసగా ఇస్తాను.

నిడివి ఒకటే అయినా తేడా వస్తే ఎంపీత్రీ ఫైలుని అనుమానించండి. వేరియబుల్ బిట్‌రేట్‌లో తీసిన ఎంపీత్రీలో ఒక సెకను ఎన్ని బైట్ల దగ్గరుందో ప్లేయర్ అంచనా వేసుకుంటుంది, పొడుగు ఫైల్లో ఆ అంచనా కొన్ని సెకన్లు తప్పుతుంది. ఒకే ఫైలు రెండు యాప్‌లలో రెండు చోట్ల తెరుచుకోవడం దీని గుర్తు. కాన్‌స్టెంట్ బిట్‌రేట్‌లో మళ్లీ తీస్తే పోతుంది.

## పేర్లు పెట్టడం

చాప్టర్ పేరు ఎంత పొడుగుండాలి?

నాలుగైదు మాటలు. ఫోన్ తెర మీద పేరు చివర చుక్కలు పెట్టి కోసేస్తుంది, మన అక్షరాలు వెడల్పు కాబట్టి ఇంకా తొందరగా కోసేస్తుంది. అందుకని అసలు మాట ముందుండాలి. "గుంటూరు మిర్చి యార్డులో మన రైతులు ఎదుర్కొంటున్న తాలు సమస్య" అంటే తెర మీద మిగిలేది "గుంటూరు మిర్చి యార్డులో మన..." మాత్రమే. ఎపిసోడ్ మొత్తం గుంటూరు మిర్చే కదా, ఆ రెండు మాటలూ ప్రతి చాప్టరులో ఎందుకు?

పేరు ప్రశ్నలా రాయాలా, జవాబు చెప్పేయాలా?

ఏదైనా ఫర్వాలేదు, "గురించి" అని మాత్రం ముగించకండి. "కోల్డ్ స్టోరేజీ గురించి" అంటే ఏం చెప్పారో తెలియదు. "కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, అమ్మేయాలా" అంటే వినేవాడికి తన సమస్య కనిపిస్తుంది. అటువైపు "రైతుని నిలువునా ముంచిన రహస్యం" లాంటివి కూడా వద్దు. థంబ్‌నెయిల్ మీద ఆ ఆర్భాటం చెల్లుతుందేమో కానీ, చాప్టరు పేరు దారి చూపే బోర్డు, రహస్యం పెడితే దారి కనపడదు. మిర్చి ఎపిసోడ్ జాబితా చివరికి ఇలా తేలింది:

```
0:00 పరిచయం
0:48 పత్తి మానేసి మిరపకి
8:36 ఎకరాకి కూలీ ఖర్చు
22:29 తాలు కాయ ఎందుకొస్తుంది
32:10 యార్డులో ధర ఎవరు చెబుతారు
54:11 కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, అమ్మేయాలా
1:12:40 తేజ, 334: ఏది వేయాలి
1:31:28 కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు
1:46:05 శ్రోతల ప్రశ్నలు
```

ఇందులో నాకు నచ్చనిది చివరిది. శ్రోతల ప్రశ్నల్లో ఒకదానికి గట్టి జవాబు ఉంటే దాని పేరే పెట్టాలి. ఇక్కడ అన్నీ చిల్లర ప్రశ్నలు, అందుకే అలా వదిలేశాను.

## షో నోట్స్ రాయడం

షో నోట్స్ అంటే ట్రాన్‌స్క్రిప్ట్ సారాంశమేనా?

కాదు. సారాంశం చదివితే ఎపిసోడ్ వినాల్సిన పని తీరిపోతుంది. షో నోట్స్ చదివి వినాలో వద్దో, వింటే ఎక్కడ వినాలో తేల్చుకోగలగాలి. మూడు నాలుగు వాక్యాలు చాలు, వాటి కింద చాప్టర్లు, ఎపిసోడ్‌లో ప్రస్తావించిన వాటి లింకులు, అంతే.

మొదటి వాక్యం మీద శ్రమ పెట్టండి, చాలా చోట్ల మిగతాది "ఇంకా చూడండి" కింద దాక్కుంటుంది. నాకు వచ్చే చిత్తుప్రతుల్లో దాదాపు అన్నీ ఇలా మొదలవుతాయి: "ఈ ఎపిసోడ్‌లో మిరప సాగు గురించి ఎన్నో ఆసక్తికరమైన విషయాలు పంచుకున్నాం." ఇది వంకాయ సాగుకైనా సరిపోతుంది. దాన్ని ఇలా మార్చాను: "కళ్లంలో ఆరబెట్టిన కాయ యార్డుకి చేరి చేతికి డబ్బొచ్చేలోపు ఎన్నిచోట్ల కోత పడుతుందో, పత్తి మానేసి మిరపకి మారిన ఒక రైతు లెక్కలతో చెబుతారు." ఈ వాక్యంలో ఉన్నవన్నీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నవే. నేను చేసిందల్లా అతిథి ఎక్కువసేపు ఆగిన చోటుని ముందుకు తేవడమే.

అతిథి చెప్పిన ధరలు, అంకెలు షో నోట్స్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ అది అతిథి మాట అని తెలియాలి, ఏ నెలలో అన్నదో తెలియాలి. మిర్చి ధర వారం వారం మారుతుంది. ఆడియోలో గొంతు, సందర్భం ఉంటాయి కాబట్టి "ఇప్పుడు" అన్నా చెల్లుతుంది. రాతలో "ప్రస్తుత ధర" అని పెడితే ఏడాది తర్వాత చదివినవాడికి అదే ఇవాళ్టి ధర. "ఫిబ్రవరిలో రికార్డ్ చేసినప్పుడు తమకు పలికిన ధర అని అతిథి చెప్పినది" అని రాసి, పక్కనే ఆ క్షణానికి టైమ్ లింకు ఇవ్వండి. అనుమానం ఉన్నవాళ్లు వినుకుంటారు.

అతిథి చెప్పింది తప్పని మీకు ఖాయంగా తెలిస్తే షో నోట్స్‌లో "సవరణ" అని ఒక వాక్యం, దాని టైముతో. మౌనంగా సరైన అంకె రాసేస్తే వినేదీ చదివేదీ రెండు రకాలుగా ఉంటాయి.

అతిథి మాటల్లో ఒకరి పేరు తిట్టారు. అది చాప్టరు పేరులో పెట్టనా?

వద్దు. రెండు గంటల ఆడియోలో గంటన్నర దగ్గర ఒక పేరు దొర్లడం వేరు, అదే పేరు రాతలో పెట్టి నేరుగా అక్కడికి లింకు ఇవ్వడం వేరు. రెండోది వెతికినవాళ్లకి దొరుకుతుంది, స్క్రీన్‌షాట్ అవుతుంది. "కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు" అంటే విషయం చేరుతుంది, పేరు అక్కర్లేదు.

## ఎక్కించేటప్పుడు

డిస్క్రిప్షన్‌లో టైములన్నీ రాశాను, యూట్యూబ్‌లో చాప్టర్లు పడలేదు. ఎందుకు?

మొదటి టైమ్ 0:00 కాకపోవడమే తరచుగా కనిపించే కారణం. చాలామంది పరిచయం వదిలేసి 0:48తో మొదలుపెడతారు. కనీసం మూడు టైములుండాలి, అవి పెరిగే వరసలో ఉండాలి, ఒక్కో చాప్టరు కనీసం 10 సెకన్లు ఉండాలి. గంట దాటిన టైముని 72:40 అని కాకుండా 1:12:40 అని రాయండి. మధ్యలో ఒక్క అంకె తారుమారై వరస తప్పినా జాబితా మొత్తం పడకపోవచ్చు, అందుకని ముందు ఆ వరసే చూడండి.

సరిగ్గా ఒక క్షణానికి తెరుచుకునే లింకు ఎలా రాయాలి?

టైముని సెకన్లలోకి మార్చి లింకు చివర పెట్టాలి. 1:31:28 అంటే 3600, 1860, 28 కలిపి 5488.

```
https://youtu.be/VIDEO_ID?t=5488
https://example.com/episode.mp3#t=5488
```

మొదటిది యూట్యూబ్‌కి, రెండోది బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకునే ఆడియో ఫైలుకి. యూట్యూబ్ లింకులో ముందే `?` ఉంటే, అంటే `watch?v=` రకం అయితే, `?t=` బదులు `&t=` రాయాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు లింకు వెనకాలే చుక్క పెట్టకండి, కొన్నిసార్లు అది లింకులో కలిసిపోతుంది.

ఆడియో ఫైల్లోనే చాప్టర్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఎంపీత్రీలోని ఐడీత్రీ ట్యాగుల్లో చాప్టర్లకి చోటుంది, చాలా పాడ్‌కాస్ట్ యాప్‌లు వాటిని చదువుతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ లైన్ టూల్‌తో అయితే ఒక టెక్స్ట్ ఫైల్లో ప్రతి చాప్టరుకీ ఇలా రాయాలి, టైములు మిల్లీసెకన్లలో:

```
;FFMETADATA1
[CHAPTER]
TIMEBASE=1/1000
START=1349000
END=1930000
title=తాలు కాయ ఎందుకొస్తుంది
```

ఆ తర్వాత:

```
ffmpeg -i ep.mp3 -i chapters.txt -map 0 -map_metadata 0 -map_chapters 1 -codec copy out.mp3
```

`-codec copy` ఉంది కాబట్టి ఆడియో మళ్లీ ఎన్‌కోడ్ కాదు, నాణ్యత చెడదు. `ffprobe -show_chapters out.mp3` అని అడిగితే ఏవి ఎక్కాయో చూపిస్తుంది. టెక్స్ట్ ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే తెలుగు పేర్ల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

డిస్క్రిప్షన్ అంత పొడుగ్గా లేదు, అయినా ఎక్కువైందంటోంది. ఏం లెక్క ఇది?

బైట్ల లెక్క అయ్యుండొచ్చు. యూట్యూబ్ ఏపీఐ ద్వారా పంపే డిస్క్రిప్షన్‌కి పరిమితి 5000 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. "తాలు" అన్న చిన్న మాటకే పన్నెండు. షెడ్యూలింగ్ టూల్స్ వాడేవాళ్లకి ఇది ఎక్కువగా తగులుతుంది. చాప్టర్ల జాబితాని ముట్టుకోకండి, సోషల్ మీడియా లింకుల దండకాన్ని తగ్గించండి. డిస్క్రిప్షన్‌లో `<`, `>` గుర్తులు కూడా వాడకూడదు, టైములకి చుట్టూ అవి పెట్టే అలవాటు కొందరికి ఉంది.

## ఎక్కించాక

అన్ని లింకులూ నొక్కి చూడాలా?

అన్నీ. తొమ్మిది చాప్టర్లకి పది నిమిషాలు కూడా పట్టదు. చివరి లింకుతో మొదలుపెట్టండి, తేడా ఏదైనా ఉంటే అక్కడే అన్నిటికంటే పెద్దగా కనిపిస్తుంది. ఎక్కించిన ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లో, లాగిన్ లేకుండా చూడండి. ఒకసారి విన్న ఎపిసోడ్ ఆపిన చోటు నుంచి మొదలవుతుంది, దాన్ని లింకు పని అనుకుని మోసపోతారు. చెవికి మొదట పడేది హోస్టు ప్రశ్న మొదటి మాట అయితే ఆ లింకు బాగున్నట్టు.

పబ్లిష్ చేశాక మధ్యలో ఒక ముక్క తీసేయాల్సొచ్చింది. ఇప్పుడు టైములన్నీ మార్చాలా?

కోతకి ముందున్నవి అలాగే ఉంటాయి, తర్వాతవన్నీ మారతాయి. మిర్చి ఎపిసోడ్‌లో 1:04:10 నుంచి 1:04:50 దాకా యూట్యూబ్ స్టూడియోలో కోశామనుకోండి. 54:11 దాకా ఏమీ మారదు. 1:12:40 కాస్తా 1:12:00 అవుతుంది, 1:31:28 కాస్తా 1:30:48, 1:46:05 కాస్తా 1:45:25. డిస్క్రిప్షన్‌లో మీరు రాసినది దానంతట అది మారదు, చేత్తో దిద్దాలి.

అప్పటికే గ్రూపుల్లోకి వెళ్లిపోయిన లింకుల్ని మాత్రం వెనక్కి పిలవలేం. `t=5488` అని పంపిన లింకు ఇక అప్పు ప్రశ్నకి నలభై సెకన్ల తర్వాత, జవాబు మధ్యలో తెరుచుకుంటుంది. డిస్క్రిప్షన్ పైన "ఫలానా తేదీన 40 సెకన్లు తొలగించాం, 1:04:10 తర్వాతి పాత లింకులు ఆ మేరకు ముందుకు వెళ్తాయి" అని ఒక వాక్యం రాసి, ఎక్కువగా తిరిగిన ఒకటి రెండు లింకుల్ని 5448తో మళ్లీ పంపండి. ఆడియో ఫైల్లోని చాప్టర్లకీ ఇదే లెక్క, ఫైలు మార్చినప్పుడు ఆ టెక్స్ట్ ఫైల్లో కోత తర్వాతి START, END అంకెల్లోంచి 40000 తీసేసి మళ్లీ ఎక్కించాలి. కోత పడిన చాప్టరుకి మాత్రం START అలాగే ఉంటుంది, END ఒక్కటే మారుతుంది.